కాఫ్ మీద ఒక పేష్

మా ఊరి పేరు తెలుగులో నాలుగే అక్షరాలు: కు, రి, చే, డు. ఇంగ్లిష్‌లో తొమ్మిది అక్షరాలు. ఉర్దూలో ఏడు హర్ఫులు. ఊరు ఒకటే, రైల్వే స్టేషను ఒకటే, మన దస్తావేజుల్లో మాత్రం మూడు నాలుగు ఊళ్లు కనిపిస్తాయి. ఒక కాగితం మీద Kurichedu, ఇంకో కాగితం మీద Kurchedu. మా భాంజీ నికానామా తర్జుమాలో అయితే Kareechedo. ఇవన్నీ ఎవరో తాగి రాసినవి కావు. ప్రతి దాని వెనకా ఒక లెక్క ఉంది. ఆ లెక్క తెలిస్తే కాగితాల దగ్గర మన ఇళ్లలో జరిగే పరేషానీ సగం తగ్గుతుంది. అందుకే ఇదంతా రాస్తున్నా.

ముందు మా భాంజీ సంగతి చెప్తా. మా ఆపా కూతురి నికా కురిచేడులోనే జరిగింది. దామాద్ గల్ఫ్‌లో పని చేస్తాడు. అమ్మాయిని అక్కడికి తీసుకెళ్లాలంటే ఫ్యామిలీ వీసా కావాలి, దానికి నికానామా తర్జుమా చేయించి, ముద్రలు వేయించి పంపాలి. మన ఖాజీ సాబ్ రాసిన సియాహా ఉర్దూలో ఉంటుంది కదా. దాన్ని పట్నంలో ఒక తర్జుమా దుకాణానికి ఇచ్చారు. ఆ ముతర్జిమ్ ఉర్దూ బాగా వచ్చినవాడే, పని కూడా శ్రద్ధగా చేశాడు. అయితే కురిచేడు అనే ఊరు ఉందని ఆయనకు తెలీదు. పాస్‌పోర్టులో పుట్టిన ఊరు, పతా రెండూ Kurichedu. తర్జుమాలో నికా జరిగిన ఊరు Kareechedo, పెళ్లికూతురి నివాసం కూడా Kareechedo. పతాలు కలవడం లేదు, ఈ నికానామా ఈ అమ్మాయిదేనని రుజువు చేయండి అని కాగితాలు వెనక్కొచ్చాయి. అప్పుడు నాకు ఫోన్ చేసి అడిగింది:

"మామూ, నా నికా ఏ ఊళ్లో అయింది?"

నవ్వుతూనే అడిగింది గానీ, గొంతులో నవ్వు లేదు. దామాద్ సెలవు అయిపోయి వెళ్లిపోయి అప్పటికి నాలుగు నెలలు.

ఆ సియాహా నకలు తెప్పించుకుని చూశాను. ఖాజీ సాబ్ తప్పు రాయలేదు. కాఫ్, రే, యే, చే, యే, డాల్, వావ్. కురిచేడును ఉర్దూలో ఇంతకంటే బాగా రాయడం కష్టం. మన ఊరివాడు చదివితే ఠక్కున కురిచేడు అనే చదువుతాడు. ఎందుకంటే వాడు హర్ఫులు చూసి చదవడం లేదు, తెలిసిన ఊరిని గుర్తుపడుతున్నాడు. తెలియనివాడికి అక్కడ కనిపించేది వేరు.

చిన్నప్పుడు మద్రసాలో ఖాయిదా పట్టుకున్న ప్రతివాళ్లకూ జబర్, జేర్, పేష్ తెలుసు. హర్ఫు మీద జబర్ పెడితే క, కింద జేర్ పెడితే కి, పైన పేష్ పెడితే కు. ఖురాన్‌లో ఇవి ప్రతి హర్ఫుకూ ఉంటాయి. రోజువారీ ఉర్దూలో ఎవరూ పెట్టరు. అఖ్బారులో, ఉత్తరంలో, సియాహాలో అన్నీ ఉత్త హర్ఫులే. తెలిసిన లఫ్జ్ అయితే పాఠకుడి మనసే పేష్ పెట్టుకుంటుంది. తెలియని ఊరి పేరైతే ఏం పెట్టుకోవాలి? ఆ ముతర్జిమ్ కాఫ్ మీద జబర్ అనుకున్నాడు. క అయింది. తర్వాత రే, యే. మన 'రి' పొట్టిది. అయితే ఉర్దూలో యే రాస్తే ముందు తోచేది పొడుగు 'రీ'. ఆయన చేతిలో ree అయింది. తర్వాత చే, యే. ఈ యేను ఆయన సరిగ్గానే 'చే' అని చదివాడు, che అయింది. చివర డాల్, వావ్. వావ్ ఒక్కటే హర్ఫు, అది ఊ కావచ్చు, ఓ కావచ్చు, ఔ కావచ్చు. పాత ఉస్తాదులు ఊ పలికేదాన్ని వావ్-ఎ-మారూఫ్, ఓ పలికేదాన్ని వావ్-ఎ-మజ్‌హూల్ అని వేరు చేసి చెప్పేవారు. కాగితం మీద మాత్రం రెండూ ఒకేలా ఉంటాయి. ఆయన ఓ అనుకున్నాడు, do అయింది. కరీచేడో. హర్ఫు హర్ఫుకూ చూస్తే ఆయన చదివిందాంట్లో ఉర్దూ ఖాయిదాకు విరుద్ధమైంది ఏదీ లేదు.

ఇక్కడ ఒక తమాషా గమనించండి. ఆ ఉర్దూ కాగితం మన పేరులోని ఒక ముఖ్యమైన సంగతిని మాత్రం చక్కగా కాపాడింది. 'డు'లో ఉన్నది 'ద' కాదు, 'డ' అని చెప్పింది. ఉర్దూలో దాల్ వేరు, పైన చిన్న తోయ్ పెట్టిన డాల్ వేరు. ఇంగ్లిష్ ఈ పని చేయలేదు. దానికి రెంటికీ d ఒక్కటే.

ఇప్పుడు ఇంగ్లిష్ వైపు నుంచి చూద్దాం. Kurichedu అని ఉంది. ఊరు తెలియని తెలుగువాడికిచ్చి తెలుగులో రాయమనండి. u అంటే కు కావచ్చు, కూ కావచ్చు. i అంటే రి కావచ్చు, రీ కావచ్చు. e అంటే చె కావచ్చు, చే కావచ్చు. d అంటే ద కావచ్చు, డ కావచ్చు. చివరి ఉకారాన్ని వదిలేసినా, నాలుగు చోట్ల రెండేసి దారులు. రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది, ఎనిమిది రెళ్లు పదహారు. ఈ ఒక్క స్పెల్లింగును తెలుగులోకి పదహారు రకాలుగా తిప్పొచ్చు, అందులో ఒక్కటే మా ఊరు. మిగతావాటిలో కొన్ని 'చెడు'తో ముగుస్తాయి, ఇంకొన్ని 'చేదు'తో. ఒక బస్సు అద్దం మీద నేను 'కురిచేదు' అని చూశాను. ఆ అక్షరాలు అతికించినవాడు మా జిల్లావాడు అయ్యుండడు. ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి తిప్పి ఉంటాడు.

స్టేషన్ బోర్డు మీద హిందీ కూడా ఉంటుంది. కురిచేడుకు దేవనాగరిలో కష్టమేమీ లేదు. కు, రి, చే, డు నాలుగూ అక్కడ దొరుకుతాయి. ఎర్రగొండపాలెం దగ్గరికెళ్తే దాని ఇబ్బంది బయటపడుతుంది. హిందీలో పొట్టి ఎ, పొట్టి ఒ లేవు. కాబట్టి ఎర్ర కాస్తా ఏర్ర, గొండ కాస్తా గోండ, పాలెం కాస్తా పాలేం అవుతాయి.

తెలుగు లిపి అన్నీ పట్టేస్తుందని మనం మురిసిపోనక్కర్లేదు. కాజీపేట జంక్షన్ అందరికీ తెలుసు. ఆ పేరులోని ఖాజీని ఉర్దూలో ఖాఫ్, అలిఫ్, జ్వాద్, యేలతో రాస్తారు. నాలుగు హర్ఫుల్లో ఖాఫ్‌కూ జ్వాద్‌కూ తెలుగులో అక్షరాలే లేవు. అందుకే ఒకరు కాజీ అని, ఒకరు ఖాజీ అని రాస్తారు. రెండూ దగ్గరివే, రెండూ అసలుది కావు. ఇంగ్లిష్ Kazipet అని రాసి జ్వాద్‌ను z తో కొంతవరకు దక్కించుకుంది, ఖాఫ్‌ను వదిలేసింది. ప్రతి లిపీ ఒక జల్లెడ. దేని రంధ్రాలు దానివి. ఒకదాంట్లో నిలిచేది ఇంకోదాంట్లోంచి జారిపోతుంది. పేరును రెండు మూడు జల్లెళ్లలో వరసగా పోస్తే చివరికి మిగిలేది కరీచేడో.

ఇదంతా లిపుల సంగతి. లిపి ఒకటే అయినా ఒకే ఊరికి రెండు స్పెల్లింగులు ఎందుకుంటాయి? దీనికి జవాబు మా పక్కనే ఉన్న కంభంలో ఉంది.

కంభం స్టేషన్ బోర్డు మీద ఇంగ్లిష్‌లో Cumbum అని ఉంటుంది. కొత్తవాళ్లు దాన్ని కుంబుం అని చదువుతారు. అందులో ఉన్న రెండు u లూ నిజానికి అకారాలు. ఇంగ్లిష్‌లో but, sun అన్నప్పుడు u ఎలా పలుకుతుందో ఇక్కడా అలాగే. కంభం ప్రాంతం 1800లో నిజాం కంపెనీకి ఇచ్చేసిన దత్తమండలాల్లోది. సరిగ్గా అదే 1800లో కలకత్తాలో ఫోర్ట్ విలియం కాలేజీ మొదలైంది. ఉర్దూ చదివినవాళ్లకు ఆ కాలేజీ పేరు చెప్పగానే మీర్ అమ్మన్ 'బాగ్-ఓ-బహార్' గుర్తొస్తుంది. అక్కడ హిందుస్తానీ నేర్పిన జాన్ గిల్‌క్రిస్ట్ సాబ్ మన మాటల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో రాయడానికి ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఇంగ్లిష్‌వాడి చెవికి ఎలా వినిపిస్తే అలా రాయడం. పొట్టి అకారానికి u, ఊకారానికి oo, ఈకారానికి ee. కొత్తగా ఓడ దిగిన కుర్ర దొర చూసి చదివితే దాదాపు సరిగ్గా పలకాలి, అంతే దాని ఉద్దేశం. ఆ కాలపు దొరల దఫ్తర్లలో ఇలాంటి రాతే నడిచింది. Cumbum అలాంటిది. Kurnool కూడా అలాంటిదే. Kur అంటే కర్, nool అంటే నూల్. Cuddapah లో u కూడా అకారమే.

తర్వాత డెబ్బై ఏళ్లకు విలియం విల్సన్ హంటర్ వచ్చాడు. దేశంలోని ఊళ్లన్నిటి వివరాలతో గెజిటీర్ తయారు చేసే పని సర్కారు ఆయనకు అప్పజెప్పింది. 1881లో ఆ ఇంపీరియల్ గెజిటీర్ మొదటిసారి అచ్చయింది. ఒక్కో జిల్లా నుంచి ఒక్కో రకం స్పెల్లింగుతో కాగితాలొస్తే వరసలో ఎలా పెట్టాలి? అందుకని ఆయన పద్ధతి మార్చాడు. చెవిని వదిలేసి అక్షరాన్ని పట్టుకున్నాడు. దేశీ లిపిలో అకారం ఉంటే a, ఉకారం ఉంటే u, ఇకారం ఉంటే i. పొడుగైతే పైన గీత. ఈ లెక్కన కర్నూలు Karnul కావాలి. కంభం Kambham కావాలి. కానీ ఆ పద్ధతిని సర్కారు ఒప్పుకున్నప్పుడే ఒక మినహాయింపు పెట్టుకుంది. అప్పటికే అందరికీ అలవాటైపోయిన పేర్లను కదపకూడదు. అలా పేరున్న ఊళ్లు పాత స్పెల్లింగుతో ఉండిపోయాయి, మిగతావి కొత్త పద్ధతిలోకి వచ్చాయి.

ఇప్పుడు Kurichedu ను, Kurnool ను పక్కపక్కన పెట్టి చూడండి. రెండిటికీ మొదటి మూడక్షరాలు Kur. ఒకచోట 'కర్', ఇంకోచోట 'కుర్'. చూపుకి అన్నదమ్ముల్లా ఉంటాయి, నిజానికి ఖాందాన్‌లే వేరు. కర్నూలుది గిల్‌క్రిస్ట్ తీరు, కురిచేడుది హంటర్ తీరు. గీతలూ చుక్కలూ పెట్టి పూర్తిగా రాస్తే మా ఊరు Kurichēḍu. e మీద గీత, d కింద చుక్క. అలా రాస్తే ఇందాకటి పదహారు దారులూ మూసుకుపోయి ఒక్కటే మిగులుతుంది. అయితే గీతలూ చుక్కలూ టైపు మిషన్ల మీద లేవు, సర్కారీ ఫారాల్లో లేవు, ఇవాళ్టి ఫోన్ కీబోర్డు మీద వెతికినా తేలిగ్గా దొరకవు. అవి రాలిపోయాక మిగిలిందే Kurichedu.

మరి Kurchedu ఎక్కడిది? అది ఏ దొరదీ కాదు, మనదే. ఊళ్లో తొందరగా మాట్లాడేటప్పుడు 'రి'లో ఇకారం మింగేసి 'కుర్చేడు' అంటాం. స్కూల్లో చేర్చేటప్పుడు రైటర్ "ఏ ఊరు?" అంటాడు, తండ్రి "కుర్చేడు" అంటాడు, ఆ చెవికి వినపడింది ఆ చెయ్యి రాస్తుంది. రెండొందల ఏళ్ల కిందట దొర చేసిన పనే ఇది. ఊరి పేరును అక్షరం నుంచి కాకుండా గొంతు నుంచి పట్టుకోవడం.

ఇంతవరకు వచ్చాక అసలు ప్రశ్న అడగొచ్చు. ఇన్ని ఉంటే సర్కారు ఒక హుకుం ఇచ్చి అన్నిటినీ ఒకటి చేయొచ్చు కదా? చేయొచ్చు. అయితే 'సర్కారు' అనేది ఒక్కటి కాదు. ఒక ఊరి పేరు రైల్వే లిస్టులో ఉంటుంది, తపాలా లిస్టులో ఉంటుంది, సర్వే ఆఫ్ ఇండియా పటాల్లో ఉంటుంది, జనాభా లెక్కల్లో, రెవెన్యూ రికార్డుల్లో, ఓటర్ల లిస్టులో ఉంటుంది. ఏ దఫ్తర్ లిస్టు దానిది, ఒక్కోటి ఒక్కో కాలంలో తయారైంది. ఎవరి లిస్టులో ఉన్నది వాళ్లకు సర్కారీ పేరే.

మార్కాపురం చూడండి. స్టేషన్ పేరు Markapur Road. ఊరు స్టేషన్‌కు కాస్త ఎడంగా ఉంది కాబట్టి రోడ్ అని తగిలించారు. అసెంబ్లీ నియోజకవర్గం పేరు Markapuram. తెలుగువాడు పురం అంటాడు. మనం ఇంట్లో మాట్లాడేటప్పుడు మార్కాపూర్ అంటాం, ఉర్దూలోనూ అలాగే పే, వావ్, రేలతో ముగిస్తాం. ఇంగ్లిష్ లిస్టుల్లో ఒకటి పూర్‌ను పట్టుకుంది, ఒకటి పురాన్ని పట్టుకుంది. ఎవరూ అబద్ధం రాయలేదు.

స్పెల్లింగు మార్చాలంటే దానికో పద్ధతి ఉంది. కేంద్ర హోం శాఖ 1953లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఊరి పేరు మార్చే ప్రతిపాదన రాష్ట్రం పంపాలి, కేంద్రం రైల్వేను, తపాలాను, సర్వే ఆఫ్ ఇండియాను అడిగి, అభ్యంతరం లేదంటే ఒప్పుకుంటుంది. ఆ తర్వాత ఎవరి లిస్టు వాళ్లు మార్చుకోవాలి. కడప విషయంలో ఇలాంటి మార్పే జరిగింది. 2005లో Cuddapah ను Kadapa చేశారు. తెలుగులో ఒక్క అక్షరం మారలేదు, ఊళ్లో పలికే తీరు మారలేదు, ఇంగ్లిష్ ఒక్కటే మారింది. అయినా అక్కడి విమానాశ్రయానికి వాడే మూడక్షరాల కోడ్ ఇవాళ్టికీ CDP. Cuddapah అక్షరాలు అందులో అలాగే ఉన్నాయి. 2005కు ముందు చదువుకున్నవాళ్ల సర్టిఫికెట్‌లో Cuddapah ఉంటుంది, వాళ్ల పిల్లల సర్టిఫికెట్‌లో Kadapa ఉంటుంది. రెండూ ఆయా తేదీన సరైనవే. పాత దాన్ని తప్పు అనడానికి లేదు.

కడప జిల్లా కేంద్రం కాబట్టి దానికి హుకుం వచ్చింది. కురిచేడు లాంటి మండలం ఊరికి స్పెల్లింగు కోసం ఫైలు ఎవరు కదుపుతారు? కాబట్టి మన పని మనమే చూసుకోవాలి.

భాంజీ కాగితాల దగ్గర మేం చేసింది ఇది. ముందు ఆ ముతర్జిమ్ దగ్గరికే మళ్లీ వెళ్లాం. ఈసారి సియాహాతో పాటు పాస్‌పోర్టు నకలు కూడా ఇచ్చి, ఊరి పేరు ఇందులో ఉన్నట్టే రాయండి అన్నాం. ఆయన పేరు మొదటి నుంచీ ఊహించాల్సిన అవసరమే లేదు, చూసి రాస్తే చాలు. "ముందే ఇచ్చుంటే నాకూ సులువయ్యేది కదా జీ" అన్నాడు ఆయన. నిజమే. తర్వాత, ఆమె పదో తరగతి సర్టిఫికెట్‌లో Kurchedu ఉంది కాబట్టి, ఈ రెండూ ప్రకాశం జిల్లాలోని ఒకే ఊరి పేర్లేనని నోటరీ అఫిడవిట్ రాయించాం. అందులో తెలుగులో 'కురిచేడు' అని కూడా పెట్టించాం. అదే మాటతో తహసీల్దార్ దఫ్తర్ నుంచి ఒక ధ్రువీకరణ తీసుకున్నాం. అరబీ తర్జుమా విషయంలో ఇంకో జాగ్రత్త పడ్డాం. అరబీలో చే లేదు, డాల్ లేదు. చే బదులు తే, షీన్ రెండూ కలిపి రాస్తారు, డాల్ బదులు దాల్. పాస్‌పోర్టును ఇంగ్లిష్ నుంచి, నికానామాను ఉర్దూ నుంచి వేర్వేరుగా అరబీలోకి తిప్పితే మళ్లీ రెండు ఊళ్లు తయారవుతాయి. అందుకని రెండింటినీ ఒకే మనిషితో, ఒకే ఇంగ్లిష్ స్పెల్లింగు నుంచి చేయించాం. మళ్లీ పంపిన కాగితాలు వెనక్కి రాలేదు. అమ్మాయి వెళ్లేసరికి దామాద్ వెళ్లి తొమ్మిది నెలలు దాటింది.

ఈ అనుభవం నుంచి నాకు తెలిసింది ఒక్కటే మాట. ఊరి పేరును ఎప్పుడూ చెవితో రాయకూడదు, కళ్లతో రాయాలి. పిల్లాణ్ణి స్కూల్లో చేర్చేటప్పుడు రైటర్ అడిగితే నోటితో చెప్పకండి. జనన ధ్రువపత్రం ముందు పెట్టి, ఇందులో ఉన్నట్టు రాయండి అనండి. ఏ స్పెల్లింగు అందమైంది, ఏది సరైంది అనే బహస్ అక్కడ పెట్టుకోవద్దు. మన ఇంట్లో అన్నిటికంటే ముందు పుట్టిన కాగితంలో ఏది ఉందో అదే చివరిదాకా నడిపించాలి. ఇప్పటికే రెండు రకాలు పడి ఉంటే, వాటిని దిద్దించడానికి పరుగెత్తే కంటే, రెండూ ఒకటేనని చెప్పే ఒక కాగితం దగ్గర పెట్టుకోవడం చాలాసార్లు సులువు.

కోడ్ ఉన్నచోట కోడ్ వాడండి. రైలు టికెట్‌కు కంభం అంటే Cumbum అని కొట్టాలా, Kambham అని కొట్టాలా అని తడుముకోనక్కర్లేదు, CBM చాలు. మార్కాపురానికి MRK. తమిళనాడు తేని జిల్లాలో కూడా ఒక Cumbum ఉంది, స్పెల్లింగు అక్షరం పొల్లుపోకుండా అదే. పార్సిల్ మీద ఊరి పేరు ఒక్కటే రాసి ఊరుకుంటే అది అక్కడికీ పోవచ్చు. పిన్‌కోడ్, జిల్లా రాస్తే పోదు. పేరు లిపి లిపికీ రూపం మారుస్తుంది. అంకెలకు ఆ రోగం లేదు.

చివరిగా మన ఖాజీ సాబ్‌లకు ఒక అర్జీ. 2022లో మన రాష్ట్రంలో ఉర్దూను రెండో అధికార భాష చేస్తూ అసెంబ్లీ చట్టం చేసింది. మీరు ఉర్దూలో రాసే ఊరి పేరును ఇక ముందు ఇంకా ఎక్కువ మంది చదువుతారు, ఎక్కువ దూరాల్లో చదువుతారు. గాలిబ్ షేర్లకు జబర్, జేర్, పేష్ పెట్టకపోయినా పర్వాలేదు, అవి అందరికీ నోటికొచ్చు. గిద్దలూరు, తర్లుపాడు, దొనకొండ, కురిచేడు ఢిల్లీలోనో దోహాలోనో కూర్చున్న మనిషికి నోటికి రావు. ఊరి పేరు వచ్చినచోట మాత్రం కలం ఒక్క క్షణం ఆపి, కాఫ్ మీద ఒక పేష్, రే కింద ఒక జేర్ పెట్టండి. పక్కన తెలుగులో కూడా నాలుగక్షరాలు రాయండి. సియాహాలో అంత జాగా ఎప్పుడూ ఉంటుంది.